శంకువు నుంచి అర్ధగోళానికి: గురుత్వ కేంద్రాన్ని సమాకలనంతో పట్టుకోవడం

(చెన్నై టీ నగర్‌లో తెలుగు విద్యార్థుల కోసం ఒక ఆదివారం ఉదయం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం. బోర్డు మీద రాసిన సమీకరణాలను ఆయా చోట్ల ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇటు పక్క కుర్చీలున్నాయి. బోర్డు కనబడకపోతే ఇవాళ్టి విషయం సగం అందదు.

మీలో చాలామంది నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నారు. మెకానిక్స్‌లో సెంట్రాయిడ్ల పట్టిక ఒకటి మీ అందరికీ కంఠతా వచ్చు. ఘన శంకువుకి అడుగు నుంచి h/4. ఘన అర్ధగోళానికి చదును ముఖం నుంచి 3r/8. అదే పట్టికలో త్రిభుజానికి h/3 ఉంటుంది, అర్ధవృత్తానికి 4r/3π ఉంటుంది, డొల్ల శంకువుకి మళ్లీ h/3, డొల్ల అర్ధగోళానికి r/2. పరీక్ష హాల్లో కూర్చున్నాక ఇవన్నీ ఒకదాని మీదొకటి పడిపోతాయి. శంకువుకి మూడో వంతా, నాలుగో వంతా అని అనుమానం వస్తుంది. పట్టికని ఇంకా గట్టిగా బట్టీ పడితే ఆ అనుమానం తీరదు. ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చేత్తో ఒకసారి చేసి చూసుకుంటేనే తీరుతుంది. అందుకని ఇవాళ రెండే వస్తువులు తీసుకుంటున్నాను. ముందు శంకువు, తర్వాత అర్ధగోళం. చివరికి వచ్చేసరికి అర్ధగోళం జవాబు శంకువు జవాబులోంచే పుడుతుందని చూపిస్తాను. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే.

సెంట్రాయిడ్ అంటే ఏమిటో ముందు ఒక్క మాటలో అనుకుందాం. వస్తువుని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకోండి. ప్రతి ముక్క ఘనపరిమాణాన్నీ, మనం ఎంచుకున్న బిందువు నుంచి దాని దూరాన్నీ గుణించాలి. అన్నిటినీ కూడాలి. ఆ కూడికని భ్రామకం అంటాం. దాన్ని మొత్తం ఘనపరిమాణంతో భాగిస్తే సెంట్రాయిడ్ దూరం వస్తుంది. వస్తువంతా ఒకే సాంద్రతతో ఉంటే గురుత్వ కేంద్రం కూడా అక్కడే ఉంటుంది. ఈ "ఒకే సాంద్రత" అన్న షరతు గుర్తుపెట్టుకోండి, చివర్లో దాంతో పని ఉంది.

ఇప్పుడు శంకువు. అడుగు వ్యాసార్ధం R, ఎత్తు h. సాంబారులోకి ముల్లంగిని చక్రాలుగా తరిగినట్టు దీన్ని అక్షానికి అడ్డంగా తరుగుదాం. ఒక్కో చక్రం కేంద్రం అక్షం మీదే ఉంటుంది కాబట్టి మొత్తం శంకువు సెంట్రాయిడ్ కూడా అక్షం మీదే ఉండి తీరాలి. అంటే మనం వెతకాల్సింది ఒక్క దూరమే.

ఆ దూరాన్ని ఎక్కణ్ణుంచి కొలవాలి? ఇక్కడ చాలామంది తొందరపడతారు. నేను శీర్షం నుంచి, అంటే మొన నుంచి కొలుస్తాను. బోర్డు మీద మొట్టమొదట రాసేది అదే: "మూలబిందువు శీర్షం". మొన నుంచి x దూరంలో ఉన్న చక్రం వ్యాసార్ధాన్ని y అందాం. సరూప త్రిభుజాలు చూడండి. x కి y ఎలాగో, h కి R అలాగ.

y = Rx/h

చక్రం మందం dx. దాని ఘనపరిమాణం:

dV = πy² dx = (πR²/h²) x² dx

ముందు ఘనపరిమాణం కడదాం. అది మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన జవాబే అయినా సరే, కట్టాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

V = (πR²/h²) ∫₀ʰ x² dx = (πR²/h²)(h³/3) = πR²h/3

సరిపోయింది. ఇప్పుడు భ్రామకం. ప్రతి చక్రాన్నీ దాని దూరం xతో గుణించాలి.

M = (πR²/h²) ∫₀ʰ x³ dx = (πR²/h²)(h⁴/4) = πR²h²/4

భాగిస్తే:

x̄ = M/V = (πR²h²/4) ÷ (πR²h/3) = 3h/4

ఇది మొన నుంచి. అడుగు నుంచి అయితే h/4. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనబడే పొరపాటు ఇక్కడే ఉంటుంది. సమాకలనం అంతా చక్కగా చేసి, చివర్న "అడుగు నుంచి 3h/4" అని రాసేస్తారు. అలా రాసినప్పుడు బొమ్మ వంక ఒకసారి చూస్తే చాలు. అడుగు నుంచి ముప్పావు ఎత్తు అంటే మొన దగ్గర. లావంతా కింద ఉంటే బరువు కేంద్రం మొన దగ్గరికి ఎలా పోతుంది?

లావంతా కింద అన్నానే, అది ఎంతో చూద్దాం. శంకువుని సగం ఎత్తులో కోస్తే పై భాగం కూడా ఒక శంకువే. దాని ఎత్తు సగం, వ్యాసార్ధం సగం, కాబట్టి ఘనపరిమాణం మొత్తంలో ఎనిమిదో వంతు. మిగతా ఏడు వంతులూ కింది సగంలోనే ఉన్నాయి. త్రిభుజంలో అయితే పై సగంలో నాలుగో వంతు ఉంటుంది. శంకువులో పైన ఉన్నది ఇంకా తక్కువ. అందుకే త్రిభుజం సెంట్రాయిడ్ h/3 దగ్గర ఉంటే, శంకువుది ఇంకాస్త కిందికి, h/4 కి దిగింది. మూడా నాలుగా అన్న అనుమానం వచ్చినప్పుడు ఈ ఎనిమిదో వంతుని తలుచుకోండి.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చుకుందాం. సెంట్రాయిడ్ దగ్గర అడ్డంగా కోస్తే రెండు ముక్కలూ సమానంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. మొన నుంచి ముప్పావు దూరంలో కోస్తే పై శంకువు (3/4)³, అంటే 27/64 వంతు. కింది ముక్క 37/64. పై ముక్క చిన్నది, కానీ దాని మొన చాలా దూరం పోయి ఉంది. ఆ దూరమే తక్కువ బరువుని నిలబెట్టి తూకం సరిచేస్తుంది.

(సభలోంచి ఒక విద్యార్థిని: సార్, చక్రం అంచు నిటారుగా ఉన్నట్టు తీసుకున్నారు. కానీ శంకువు గోడ ఏటవాలుగా ఉంటుంది కదా. అప్పుడు ఒక్కో ముక్కలో కొంచెం తప్పు మిగిలిపోదా?)

చాలా మంచి ప్రశ్న అమ్మా. కూర్చో, దీనికి కాస్త సమయం తీసుకుంటాను. ఇది సరిగ్గా పట్టుబడితే తర్వాతి మెట్టు తేలికవుతుంది.

శంకువుని n చక్రాలుగా తరిగామనుకో. ఒక్కో ముక్కకీ దాని కింది ముఖమంత వెడల్పున్న నిటారు బిళ్ల పెడితే శంకువు కంటే కొంచెం ఎక్కువవుతుంది. పై ముఖమంత బిళ్ల పెడితే కొంచెం తక్కువవుతుంది. అసలు శంకువు ఈ రెండిటి మధ్యలో ఉంది. ఇప్పుడు ఆ పెద్ద బిళ్లల దొంతరకీ, చిన్న బిళ్లల దొంతరకీ తేడా ఎంత? ఒక ముక్క కింది ముఖమే దాని కింద ఉన్న ముక్కకి పై ముఖం. అంటే రెండు దొంతరల్లోనూ అవే బిళ్లలు వరసగా వస్తాయి. తీసివేస్తే అన్నీ పోయి అట్టడుగున ఉన్న పెద్ద బిళ్ల ఒక్కటే మిగులుతుంది. దాని ఘనపరిమాణం πR²h/n. n పెంచుతూ పోతే అది సున్నాకి పోతుంది. కాబట్టి ఘనపరిమాణం విషయంలో ఏటవాలు వల్ల వచ్చే తప్పు నిజంగానే మిగలదు.

అయితే ఉపరితల వైశాల్యం విషయంలో ఈ మాట చెల్లదు. R = 5, h = 12 తీసుకోండి. ఏటవాలు ఎత్తు 13. పక్కతలం వైశాల్యం π × 5 × 13, అంటే 65π. ఇప్పుడు నిటారు బిళ్లల పక్క అంచులు కూడి చూడండి. ఒక్కోటి 2πy dx. మొత్తం కూడితే πRh, అంటే 60π వస్తుంది. ఎంత పల్చగా తరిగినా 60π దగ్గరే ఆగుతుంది, 65π కి రాదు. ఎందుకంటే ప్రతి బిళ్ల దగ్గరా నిలువు మందానికీ ఏటవాలు పొడవుకీ నిష్పత్తి 12 కి 13 గానే ఉంటుంది. ముక్క చిన్నదైనంత మాత్రాన ఆ నిష్పత్తి మారదు. కాబట్టి ఘనానికి dx చాలు. డొల్ల వస్తువుకి, అంటే పల్చని రేకుతో చేసినదానికి, ఏటవాలు పొడవు ds తీసుకోవాలి. నువ్వడిగిన ప్రశ్నకి జవాబు ఇంతే అమ్మా, కానీ ఈ dsని మళ్లీ పిలవాల్సి వస్తుంది.

ఇక అర్ధగోళం. వ్యాసార్ధం r. ఈసారి మూలబిందువు చదును ముఖం కేంద్రం. అక్కణ్ణుంచి గుండ్రటి పైభాగం వైపు x కొలుద్దాం. x ఎత్తులో ఉన్న చక్రం వ్యాసార్ధం yకి పైథాగరస్ సూత్రం చాలు.

y² = r² − x²

కొందరు ఇక్కడ y = r − x అని రాస్తారు. అంచు సరళరేఖలో తగ్గితే అది శంకువు అవుతుంది, అర్ధగోళం కాదు. ఆ తప్పు చేశామో లేదో ఎలా తెలుస్తుంది? ముందు ఘనపరిమాణం కట్టమన్నది అందుకే.

V = π ∫₀ʳ (r² − x²) dx = π(r³ − r³/3) = 2πr³/3

గోళంలో సగం. అంటే మన ముక్క సరైనదే. r − x పెట్టి ఉంటే πr³/3 వచ్చేది, అది శంకువు ఘనపరిమాణమని అక్కడికక్కడే పట్టుబడేది. ఎప్పుడైనా సరే, తెలిసిన ఘనపరిమాణం రాకపోతే భ్రామకం జోలికి వెళ్లకండి.

M = π ∫₀ʳ x(r² − x²) dx = π(r⁴/2 − r⁴/4) = πr⁴/4

x̄ = (πr⁴/4) ÷ (2πr³/3) = 3r/8

అర్ధవృత్తానికి వచ్చే 4r/3π విలువ సుమారు 0.424r. ఇది 0.375r. గోళంలో చక్రాల వైశాల్యం y² లెక్కన తగ్గుతుంది, అర్ధవృత్తంలో గీతల పొడవు y లెక్కనే తగ్గుతుంది. పైకి వెళ్లేకొద్దీ అర్ధగోళం తొందరగా సన్నబడుతుంది కాబట్టి దాని సెంట్రాయిడ్ కిందికి ఉండాలి. ఉంది కూడా.

లెక్క ఇక్కడితో అయిపోయిందని పుస్తకం మూసేయొచ్చు. కానీ ఇందాక చెప్పిన ముడి ఇంకా విప్పలేదు.

శంకువు జవాబు 3h/4లో R లేదు, గమనించారా? సన్నటి శంకువైనా, బొద్దు శంకువైనా మొన నుంచి ముప్పావు దూరమే. నిజానికి అడుగు గుండ్రంగా ఉండాల్సిన పని కూడా లేదు. చతురస్రం కావచ్చు, ఏ వంకర ఆకారమైనా కావచ్చు. అడ్డంగా కోసిన ముఖం వైశాల్యం మొన నుంచి దూరానికి వర్గంగా పెరిగితే చాలు. మన లెక్కలో వాడుకున్నది ఆ x² ఒక్కటే.

ఇప్పుడు అర్ధగోళాన్ని చక్రాలుగా తరగడం మానేద్దాం. దాని గుండ్రటి ఉపరితలం మీద చిన్న చిన్న మచ్చలు గీసి, ఒక్కో మచ్చనీ కేంద్రంతో కలపండి. అర్ధగోళమంతా లెక్కలేనన్ని సన్నటి శంకువులుగా విడిపోతుంది. అన్నిటి మొనలూ కేంద్రం దగ్గరే, అన్నిటి పొడవూ r. ఒక్కో దాని సెంట్రాయిడ్ కేంద్రం నుంచి 3r/4 దూరంలో ఉంటుంది. అంటే బరువంతా 3r/4 వ్యాసార్ధం ఉన్న పల్చని అర్ధగోళపు డొల్ల మీద సమంగా పరిచినట్టే.

కాబట్టి ఇప్పుడు కావలసింది డొల్ల అర్ధగోళం సెంట్రాయిడ్. డొల్ల అన్నాం కాబట్టి, మన చెల్లెమ్మ అడిగిన ఏటవాలు పొడవు ds రావాలి. వ్యాసార్ధం a ఉన్న డొల్లలో x ఎత్తు దగ్గర పట్టీ వైశాల్యం 2πy ds. కేంద్రం నుంచి ఆ పట్టీకి గీసిన వ్యాసార్ధం, స్పర్శరేఖకి లంబంగా ఉంటుంది. ఆ లంబం వల్ల ఏర్పడే సరూప త్రిభుజాలు చూస్తే ds/dx = a/y అని తేలుతుంది. పట్టీ వైశాల్యంలో పెడితే:

2πy ds = 2πy (a/y) dx = 2πa dx

y ఎగిరిపోయింది! పైన పట్టీ చిన్నదవుతుంది, కానీ ఏటవాలు ఎక్కువవుతుంది. రెండూ సరిగ్గా సరిపోయి, ఏ ఎత్తులో తీసుకున్నా ఒకే మందానికి ఒకే వైశాల్యం వస్తోంది. బరువు అడుగు నుంచి పైదాకా సమంగా పంచినట్టుంటే సెంట్రాయిడ్ నట్టనడుమ, a/2 దగ్గర ఉంటుంది. మనకి a = 3r/4. సగం చేస్తే 3r/8.

ముప్పావులో సగం. ఇక 3/8ని మర్చిపోవడం కుదురుతుందా?

ఈ జవాబు ఆర్కిమిడీస్‌కి తెలుసు. ఎరటోస్తనీస్‌కి రాసిన ఒక లేఖలో, అర్ధగోళం గురుత్వ కేంద్రం అక్షాన్ని పైభాగం వైపు 5, చదును ముఖం వైపు 3 నిష్పత్తిలో విడదీస్తుందని చెప్పాడు. 5r/8, 3r/8. మనం ఇప్పుడు వాడిన సమాకలన సంకేతాలేవీ లేని కాలం అది. ఆ లేఖ ఉన్న తోలు పత్రాల మీది అక్షరాలు చెరిపేసి ఎవరో ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబర్గ్ అనే పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో దాన్ని చూసి, కింద మిగిలిన గీతలు చదివి బయటపెట్టాడు. అన్ని శతాబ్దాల పాటు ఆ లేఖ జనానికి అందకుండా ఉండిపోయిందంటే నాకు బాధగా ఉంటుంది.

సరే, ఈ రెండు జవాబులూ కలిపి ఒక లెక్క చేద్దాం. మనం ఉన్నది చెన్నైలో, కాబట్టి తంజావూరు బొమ్మ మీ అందరూ చూసే ఉంటారు. అడుగు గుండ్రంగా ఉంటుంది, పక్కకి తోస్తే ఊగి మళ్లీ నిలబడుతుంది. దాన్ని లెక్కకి వీలుగా ఇలా గీస్తాను. కింద ఘన అర్ధగోళం, దాని చదును ముఖం మీద అంతే వ్యాసార్ధం ఉన్న ఘన శంకువు. రెండూ ఒకే మట్టి. శంకువు ఎంత ఎత్తు వరకూ ఉంటే బొమ్మ లేచి నిలబడుతుంది?

బొమ్మ పక్కకి వాలినప్పుడు నేలకి తగిలేది అర్ధగోళం. తగిలిన చోట నిటారుగా పైకి గీత గీస్తే అది ఎప్పుడూ అర్ధగోళం కేంద్రం గుండా, అంటే రెండు భాగాలూ కలిసే ముఖం నడిబొడ్డు గుండా పోతుంది. మొత్తం గురుత్వ కేంద్రం ఆ బిందువు కంటే కింద ఉంటే, బొమ్మ వాలినప్పుడు బరువు దాన్ని వెనక్కి లాగుతుంది. పైన ఉంటే వాలిన వైపే ఇంకా పడదోస్తుంది. కాబట్టి ఆ ముఖం నుంచే దూరాలు కొలుద్దాం. శంకువు భ్రామకం పైకి, అర్ధగోళం భ్రామకం కిందికి.

శంకువు: (πr²h/3)(h/4) = πr²h²/12
అర్ధగోళం: (2πr³/3)(3r/8) = πr⁴/4

బొమ్మ లేవాలంటే మొదటిది రెండోదాని కంటే తక్కువ కావాలి. అంటే h² < 3r². ఎత్తు వ్యాసార్ధానికి √3 రెట్లు, సుమారు 1.73 రెట్లు దాటకూడదు.

అంకెలు వేసి చూద్దాం. r = 4 సెం.మీ. అయితే హద్దు 6.93 సెం.మీ. శంకువు ఎత్తు 6 పెడితే పైకి భ్రామకం 48π, కిందికి 64π. తేడా 16π. మొత్తం ఘనపరిమాణం 32π, 42.67π కలిపి 74.67π. భాగిస్తే గురుత్వ కేంద్రం ముఖానికి 0.21 సెం.మీ. కింద ఉంది. బొమ్మ లేస్తుంది, కానీ కేంద్రం కొంచెమే కింద ఉంది కాబట్టి బద్ధకంగా, నెమ్మదిగా ఊగుతుంది. ఎత్తు 8 పెడితే శంకువు, అర్ధగోళం రెండిటి ఘనపరిమాణమూ 42.67π, సమానం. ఒకదాని కేంద్రం 2 సెం.మీ. పైన, ఇంకోదానిది 1.5 సెం.మీ. కింద. సగటు తీస్తే 0.25 సెం.మీ. పైకి. ఈ బొమ్మ పడిపోతుంది.

(సభలోంచి ఒకరు: కానీ సార్, నిజం బొమ్మలు ఇంకా పొడుగ్గా ఉంటాయి. అయినా లేస్తాయి కదా?)

లేస్తాయి బాబూ. అక్కడే మొదట్లో చెప్పిన "ఒకే సాంద్రత" షరతు తప్పుతుంది. నిజం బొమ్మలో అడుగు బరువుగా చేస్తారు, పైభాగం తేలిగ్గా చేస్తారు. అప్పుడు మొత్తానికి ఘనపరిమాణాలతో సెంట్రాయిడ్ కడితే గురుత్వ కేంద్రం రాదు. కానీ ఒక్కో భాగం లోపల సాంద్రత ఒకటే అయితే h/4, 3r/8 అలాగే పనికొస్తాయి. వాటిని గుణించే ఘనపరిమాణాల బదులు ద్రవ్యరాశులు పెట్టాలి, అంతే. అర్ధగోళం పదార్థం శంకువు పదార్థం కంటే k రెట్లు సాంద్రమైనది అనుకుంటే కిందికి లాగే భ్రామకం k రెట్లవుతుంది. షరతు ఇలా మారుతుంది:

h² < 3k r²

ఇందాక పడిపోయిన బొమ్మనే తీసుకో. r = 4, h = 8. ఎడమ పక్క 64, కుడి పక్క 48k. k విలువ 4/3 దాటితే చాలు, అదే బొమ్మ లేచి నిలబడుతుంది. k రెండు అయితే ఎత్తు 9.8 సెం.మీ. దాకా పోవచ్చు. ఆ బొమ్మకి గురుత్వ కేంద్రం సరిగ్గా ఎక్కడ ఉందో కట్టాలంటే మొత్తం ద్రవ్యరాశిలో కూడా k రావాలి, అది మర్చిపోవద్దు. కాగితం తీయండి. k = 2, h = 8కి ఇప్పుడే కట్టండి. ముఖానికి సెంటీమీటరులో మూడో వంతు, అంటే సుమారు 0.33 సెం.మీ. కింద రావాలి.